కమిటీకి ‘ఇట్స్’ రాయాలా, ‘దెయిర్’ రాయాలా?

పటమట అపార్ట్‌మెంట్ సెక్రటరీ (విజయవాడ): మా అసోసియేషన్ మినిట్స్ ఇంగ్లిష్‌లో నేనే రాస్తాను. లిఫ్టు సంగతి చూడమని వేసిన కమిటీ గురించి ఇలా రాశాను: “ద కమిటీ హ్యాజ్ కంప్లీటెడ్ ఇట్స్ ఇన్‌స్పెక్షన్ అండ్ విల్ సబ్మిట్ దెయిర్ రిపోర్ట్ ఆన్ సండే.” ఒకాయన రెండు చోట్లా ఇట్స్ ఉండాలంటారు. ఇంకొకాయన ఇలాగే బాగుందంటారు. ఏది కరెక్టు?

బ్యాంకు పరీక్షల అభ్యర్థి (బ్రాడీపేట): రెండు చోట్లా ఇట్స్ అండి, ఇందులో డౌటే లేదు. కమిటీ, టీమ్, జ్యూరీ, ఇవన్నీ ఏకవచనమే. ఎర్రర్ స్పాటింగ్‌లో కమిటీ పక్కన దెయిర్ కనిపిస్తే చాలు, కళ్లు మూసుకుని అదే తప్పని పెట్టేస్తాం.

రిటైర్డ్ ఇంగ్లిష్ లెక్చరర్ (గుంటూరు): కళ్లు మూసుకుని మాత్రం పెట్టకు బాబూ. “ద జ్యూరీ వర్ డివైడెడ్ ఇన్ దెయిర్ ఒపీనియన్స్” అని వస్తే ఏం చేస్తావు? అక్కడ దెయిర్ సరైనదే. జ్యూరీ ఒక్కటిగా లేదు, అందులో ఉన్నవాళ్లు తలో మాటా అంటున్నారు. క్రియ కూడా వర్ అని ముందే చెప్పేసింది.

సెక్రటరీ గారి వాక్యంలో ముందు హ్యాజ్ ఉంది, తర్వాత ఇట్స్ వచ్చింది, ఆ తర్వాత దెయిర్‌లోకి జారింది. ఈ జారుడు ఎందుకు వస్తుందో చెబుతాను. కమిటీ అనే మాటను ఆనుకుని ఉన్న చోట ఏకవచనం కదలదు. దిస్ కమిటీ అంటారు గానీ, బ్రిటన్‌లో కూడా దీజ్ కమిటీ అనరు. కాస్త ముందుకు వెళ్లి క్రియ దగ్గరకు వస్తే అమెరికావాళ్లు ఎక్కువగా హ్యాజ్ అంటారు, బ్రిటిష్‌వాళ్లు హ్యాజ్ అయినా అంటారు, హ్యావ్ అయినా అంటారు. ఇంకా ముందుకు వెళ్లి సర్వనామం దగ్గరకు వచ్చేసరికి రాసేవాడి బుర్రలో కమిటీ అన్న మాట వెనక్కి పోతుంది, అందులోని మనుషులు ముందుకొస్తారు. అందుకే హ్యాజ్ అన్న అమెరికావాళ్ల నోట కూడా తర్వాత దెయిర్ వస్తుంది. ఈ వరసను భాషాశాస్త్రవేత్త గ్రెవిల్ కార్బెట్ 1979లోనే ఎన్నో భాషలు చూసి చెప్పారు. మనమూ అంతేగా: “జట్టు గెలిచింది, వాళ్లు బాగా ఆడారు” అంటే తెలుగులో ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు.

ఇందులో తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఈ జారుడు ఒక్క వైపుకే. హ్యాజ్ తర్వాత దెయిర్ రావచ్చు. హ్యావ్ అన్నాక మళ్లీ ఇట్స్ రాదు. “ద కమిటీ హ్యావ్ కంప్లీటెడ్ ఇట్స్ ఇన్‌స్పెక్షన్” అని రాస్తే అమెరికాలోనూ కుదరదు, బ్రిటన్‌లోనూ కుదరదు.

మిర్చి ఎగుమతి ఆఫీసు గుమాస్తా (గుంటూరు): సార్, నాకూ ఇలాంటిదే అయింది. లండన్ పార్టీ ఒకాయన మెయిల్‌లో “యువర్ టీమ్ హ్యావ్ కెప్ట్ దెయిర్ వర్డ్” అని రాశాడు. ఇంగ్లండ్‌లో పుట్టినవాడికి ఇంగ్లిష్ రాదేంటా అనుకున్నాం. మరి మేం జవాబు ఇచ్చేటప్పుడు “పోలీస్ ఈజ్” అనాలా, “పోలీస్ ఆర్” అనాలా? యార్డు దగ్గర లారీ ఆపిన విషయం రాయాలి.

రిటైర్డ్ ఇంగ్లిష్ లెక్చరర్: పోలీస్ వేరే సంగతండి. అది ఎప్పుడూ బహువచనమే, “పోలీస్ ఆర్” అని రాసేయండి. మీ లండన్ ఆయన రాసింది శుభ్రమైన బ్రిటిష్ ఇంగ్లిష్. హ్యావ్‌కి దెయిర్ జత కుదిరింది.

అనువాదకురాలు, మాజీ సబ్ ఎడిటర్ (గవర్నర్‌పేట): మాస్టారూ, మీరు చెప్పిన కారణం నిజమే. అలాగని సెక్రటరీ గారి వాక్యాన్ని అలా వదిలేయమంటే నేను ఒప్పుకోను. మినిట్స్ అంటే రేపు గొడవ వస్తే తీసి చూసుకునే కాగితం. ఈ వాక్యం చూడండి: “ద కమిటీ హ్యాజ్ టోల్డ్ ద ఓనర్స్ దట్ దెయిర్ డెసిషన్ ఈజ్ ఫైనల్.” ఎవరి నిర్ణయం ఫైనల్? కమిటీదా, ఓనర్లదా? అదే చోట ఇట్స్ రాస్తే అది కమిటీ నిర్ణయమే, ఓనర్లకు అతకదు. వాక్యంలో ఓనర్స్, రెసిడెంట్స్, టెనెంట్స్ లాంటి బహువచనం ఇంకొకటి ఉందంటే దెయిర్ ఎవరి మీదకు పోతుందో ఒకసారి చూసుకోవాలి. నా దగ్గరకు వచ్చే కాగితాల్లో సగం పేచీలు ఇక్కడే.

అలాగని మనుషులు విడివిడిగా చేసే పనికి ఇట్స్ పెడితే నవ్వులాటగా ఉంటుంది. “ద టీమ్ టుక్ ఇట్స్ సీట్స్” అంటే ఎలా ఉందో చూడండి. అలాంటి చోట నేను “ద మెంబర్స్ ఆఫ్ ద టీమ్” అని మొదలుపెట్టి, టుక్ దెయిర్ సీట్స్ అని పూర్తి చేస్తాను.

బ్యాంకు పరీక్షల అభ్యర్థి: అంటే ఒకే వాక్యంలో రెండూ రావడం మాత్రం తప్పేగా మేడం?

రిటైర్డ్ ఇంగ్లిష్ లెక్చరర్: నేను చెబుతాను. 1787లో రాసిన అమెరికా రాజ్యాంగం, మొదటి అధికరణ, అయిదో సెక్షన్ తీసి చూడు. ప్రతి సభా “ఎ జర్నల్ ఆఫ్ ఇట్స్ ప్రొసీడింగ్స్” ఉంచుకోవాలి అని మొదలై, అదే వాక్యంలో రహస్యంగా ఉంచాల్సిన భాగాల దగ్గరకు వచ్చేసరికి “ఇన్ దెయిర్ జడ్జ్‌మెంట్” అంటుంది. కార్యకలాపాలు సభవి, విచక్షణ మాత్రం అందులో కూర్చున్న మనుషులది. నేను దాన్ని అలాగే చదువుకుంటాను. మన రాజ్యాంగం 118వ అధికరణలో మాత్రం ఈచ్ హౌస్ అని మొదలుపెట్టి ఇట్స్ ప్రొసీజర్, ఇట్స్ బిజినెస్ అని చివరిదాకా ఒకే దారిలో వెళ్లారు.

సెక్రటరీ గారి వాక్యంలో మారడానికి అలాంటి కారణం లేదు. తనిఖీ చేసిందీ కమిటీయే, నివేదిక ఇచ్చేదీ కమిటీయే. ఇన్‌స్పెక్షన్‌కి ఇట్స్ అని, రిపోర్ట్‌కి దెయిర్ అంటే రిపోర్టు వేరే ఎవరిదో ఏమో అని చదివేవాడు ఒక్క క్షణం ఆగుతాడు.

పరీక్షలో అయితే క్రియ చూడు బాబూ. హ్యాజ్, వజ్ ఉంటే ఇట్స్. హ్యావ్, వర్ ఉంటే దెయిర్. విల్, షల్ లాంటివి ఏ సంగతీ చెప్పవు, అప్పుడు వాక్యంలో మిగతా భాగం చూడాలి. పరీక్షలో మాత్రం హ్యాజ్ తర్వాత దెయిర్‌ని తప్పుగానే గుర్తించు. మాట్లాడేటప్పుడు, మామూలు ఉత్తరాల్లో నేను దాన్ని తప్పనను.

అనువాదకురాలు, మాజీ సబ్ ఎడిటర్: నేను అంటాను మాస్టారూ. రాతలో హ్యాజ్ పెట్టారంటే చివరిదాకా ఇట్స్ మీదే ఉండాలి.

పటమట అపార్ట్‌మెంట్ సెక్రటరీ: ఇద్దరికీ థాంక్సండి. “అండ్ విల్ సబ్మిట్ ఇట్స్ రిపోర్ట్” అని మార్చేశాను. ఇంకొక్కటి. మా కమ్యూనిటీ హాల్ బుకింగ్ గురించి “ద కపుల్ హ్యాజ్ బుక్డ్ ద హాల్ ఫర్ ఇట్స్ యానివర్సరీ” అని రాసి ఉంది. మేడం చెప్పినట్టే హ్యాజ్‌కి ఇట్స్ పెట్టారు, కానీ చదువుతుంటే మనుషుల గురించి రాసినట్టే లేదు.

అనువాదకురాలు, మాజీ సబ్ ఎడిటర్: కపుల్ అంటే ఇద్దరు మనుషులు కదండీ. అక్కడ హ్యావ్, దెయిర్ రాస్తాను.

రిటైర్డ్ ఇంగ్లిష్ లెక్చరర్: ఇద్దరుంటే మనుషులు, అయిదుగురుంటే కమిటీనా అమ్మా? మీ కమిటీలో ఎంతమంది సెక్రటరీ గారూ?

పటమట అపార్ట్‌మెంట్ సెక్రటరీ: ముగ్గురండి.