తండా పాప ప్రోగ్రెస్ కార్డులో ఏం రాయాలి? చెప్పింది అర్థమవుతుంది, నోరు మాత్రం విప్పదు

నర్సంపేట టీచరమ్మ:
ఒకటో తరగతి చెప్తాను. జూన్‌లో ఒక పాప చేరింది. ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. అమ్మానాన్న పని కోసం ఊళ్లు తిరిగారట, అందుకని ఇక్కడ అంగన్‌వాడీకి కూడా రాలేదు. మొదటి రెండు నెలలు ఒక్క మాట లేదు. ఇప్పుడు "నీళ్లు", "ఇగో", "ఇది నాది", "లే" అంటుంది, అంతే. మొన్న మబ్బు పట్టింది. నేను బోర్డు మీద రాస్తూ, వెనక్కి తిరగకుండానే "వానొచ్చేటట్టుంది, గొడుగులు బయట ఉన్నయ్" అన్నాను. మిగతావాళ్లు అరుస్తూ కూర్చున్నారు. ఈ పాప లేచి వెళ్లి గొడుగులన్నీ తెచ్చి నా కుర్చీ వెనక పెట్టింది.

ఎస్‌ఏ-1 పరీక్షలు అయ్యాయి, కార్డు రాయాలి. "తరగతిలో మాట్లాడదు, తెలుగులో వెనుకబడి ఉంది, ఇంకా కృషి చేయాలి" అని రాసి కొట్టేశాను. "అన్నీ అర్థమవుతాయి" అని రాద్దామంటే అదీ గ్యారంటీగా చెప్పలేను. రిమార్కుల గడిలో రెండు లైన్లే పడతాయి. ఏం రాయమంటారు?

హన్మకొండ సార్:
మేడమ్, "ఇంట్లో కూడా తెలుగే మాట్లాడించండి" అని రాయండి. నేను ఇరవై ఏళ్లుగా అదే రాస్తున్న. పిల్లలకు భాష వినబడితేనే వస్తది. తండా పిల్లలు సంక్రాంతి దాటేసరికి ఎట్లాగూ మాట్లాడతారు, టెన్షన్ పడకండి.

మహబూబాబాద్ అక్క:
సార్, వినబడితేనే వస్తదన్నది నిజమే, కానీ ఆ వినడం ఇంట్లో కాదు, బడిలో జరగాలి. నాది తండానే, ఇప్పుడు ప్రైమరీలో టీచర్‌ని. మా ఇంటికి కూడా అట్లనే రాసి పంపారు. మా యాడికి, అంటే అమ్మకు, తెలుగు అంగడి వరకే వస్తది. కార్డు చదివి వినిపించిన రోజు నుంచి నాతో ముక్కలు ముక్కలుగా తెలుగు మాట్లాడింది. "రా", "తిను", "పండుకో", అంతకు మించి లేదు. కథలు పోయినయ్, గొడవలు కూడా పోయినయ్. ఎందుకు, ఎట్లా అని పిల్ల అడిగేది, తల్లి విడమర్చి చెప్పేది వాళ్లకు బాగా వచ్చిన భాషలోనే. ఆ ఆలోచన ముందే ఉంటే తెలుగు మాట దాని మీద తొందరగా కూర్చుంటది.

టీచరమ్మా, గొడుగుల సంగతి బాగుంది, కానీ ఒక్కసారి జరిగినదాన్ని పట్టుకుని రాయొద్దు. మబ్బు పాపకూ కనబడ్డది కదా. ఆకాశం చూసి లేచిందో, మీ మాట విని లేచిందో తెలియదు. పక్కపిల్లను చూసి చేసేవాళ్లు, మన చెయ్యి ఎటు చూపిస్తే అటు పోయేవాళ్లు చాలామంది ఉంటారు. మనం "అంతా అర్థమైతంది" అనుకుంటాం.

ఒక పది నిమిషాలు పాపను ఒక్కదాన్నే కూర్చోబెట్టుకోండి. చింతగింజలు, ఒక మూత, ఒక డబ్బా చాలు. చేతులు ఒళ్లో పెట్టుకోండి, వస్తువు వైపు చూడకుండా చెప్పండి. మామూలుగా రోజూ చెప్పే పనులు వద్దు, అవి అలవాటు మీద చేసేస్తారు. "రెండు గింజలు మూత కింద పెట్టి, ఒకటి నాకు ఇవ్వు" లాంటివి చెప్పండి. తర్వాత క్లాసులో చెప్పిన కథకు నాలుగు బొమ్మలు గీసి కలిపేసి, వరుసగా పెట్టమనండి. ఆఖరున "చెయ్యి కడుక్కునే ముందు పుస్తకం మూసెయ్" అనండి. ఏం చేసిందో ఉన్నదున్నట్టు రాసుకోండి.

కాజీపేట నాన్న:
మా వాడిది కూడా ఇదే కేసు అక్కా. ఎల్‌కేజీ, ఇంగ్లీష్ మీడియం. కార్డులో "సిగ్గరి" అని రాసిన్రు. ఇంట్లో ఒకటే లొల్లి చేస్తడు, వాడు సిగ్గరేంది? నేను కంప్లైంట్ ఇయ్యాల్నా?

మహబూబాబాద్ అక్క:
కంప్లైంట్ ఎందుకు తమ్ముడూ. ఇంట్లో తెలుగులో గలగలా మాట్లాడతడని, బడిలో ఏ భాషలో అడిగితే చప్పుడు చేయడో చూడమని టీచర్‌కు చెప్పు. స్వభావం, భాష రెండూ వేరు. ఆ మాటొకటి కార్డులో పడితే వచ్చే ఏడు టీచర్ కూడా అదే కళ్లతో చూస్తది.

ములుగు ఏఎన్‌ఎం:
ఒక మాట. పాప ఇంట్లో లంబాడీలో బాగా మాట్లాడుతుందా? అది తల్లిని అడిగారా? అక్కడ కూడా వయసుకు తగ్గ మాటలు లేకపోతే ఇది తెలుగు సమస్య కాదు. వెనక నుంచి మెల్లగా పేరు పెట్టి పిలిచి చూడండి. అనుమానం ఉంటే పిల్లల ఆరోగ్యం చూసే ఆర్‌బీఎస్‌కే టీమ్ బడికి వచ్చినప్పుడు చెవులు చూపించండి.

నర్సంపేట టీచరమ్మ:
తల్లిని అడిగాను మేడమ్. "ఇంట్లో నోరు మూయదు, తమ్ముడికి అదే పంతులమ్మ" అన్నది. వెనక నుంచి పిలిస్తే వెంటనే తిరిగింది.

అక్కా, గింజల ఆట ఆడాను. మూత కింద రెండు, నాకు ఒకటి, సరిగ్గా చేసింది. "డబ్బా వెనక" అన్నా చేసింది. బొమ్మలు నాలుగూ వరుసగా పెట్టింది, మూడోది చూపిస్తూ "కుక్క... పోయింది" అన్నది కూడా. కానీ "చెయ్యి కడుక్కునే ముందు పుస్తకం మూసెయ్" అంటే నేరుగా కుళాయి దగ్గరికి పోయింది. ఇట్లాంటివే ఇంకో రెండు ఇచ్చాను. రెండిట్లోనూ నేను ఏది ముందు పలికితే అది ముందు చేసింది.

మహబూబాబాద్ అక్క:
చూసిన్రా, అందుకే "అన్నీ అర్థమవుతాయి" అని రాయొద్దన్న. వరుసగా చెప్పిన రెండు పనులు పట్టుకుంటది, వరుస తిప్పి చెప్తే ఇంకా అందదు. ఇప్పుడు మీకు రాయడానికి సరుకు దొరికింది. నేనైతే ఇట్లా రాస్త:

"వరుసగా చెప్పిన రెండు పనులను సైగలు లేకుండా విని చేస్తుంది. విన్న కథకు నాలుగు బొమ్మలను క్రమంలో పెడుతుంది. తెలుగులో ఒకటి, రెండు మాటలతో చెబుతుంది ('ఇది నాది', 'కుక్క పోయింది'). 'ముందు', 'తర్వాత' అనే మాటలు ఇంకా నేర్చుకుంటోంది. ఎస్‌ఏ-2 లోపు బొమ్మ చూసి ఒక పూర్తి వాక్యం చెప్పేలా తరగతిలో చేయిస్తాం. ఇంట్లో లంబాడీలోనే కథలు, కబుర్లు చెప్పండి."

పాప అన్న మాటలు అట్లనే పెట్టండి. వచ్చే కార్డు రాసేటప్పుడు అవి పక్కన పెట్టుకుంటే ఎంత పెరిగిందో కనబడతది. "పరవాలేదు", "మెరుగుపడాలి" అంటే దేనితో పోల్చుకుంటారు?

క్లాసులో మాత్రం "ఎందుకు ఏడ్చింది?" అని ఎత్తుకోకండి. "కుక్క పోయిందా, పిల్లి పోయిందా?" అని అడగండి. జవాబు ప్రశ్నలోనే ఉంటది కాబట్టి నోరు కదులుతది. అడిగినంక మనసులో పది వరకు లెక్కపెట్టండి. మనకు అంతసేపు ఆగడమే కష్టం, పక్కపిల్ల జవాబు చెప్పేస్తది.

హన్మకొండ సార్:
ఇది ఆరు వాక్యాలు, గడి రెండు లైన్లు. పైగా గవర్నమెంటు కార్డులో "లంబాడీలో మాట్లాడండి" అని రాస్తే మా హెచ్‌ఎం సంతకం పెట్టడు. మాట్లాడే భాగానికి గ్రేడు ఏమిస్తారు? పలకని పిల్లకు "ఏ" గ్రేడు ఇస్తే మిగతా తల్లిదండ్రులు ఊరుకోరు.

మహబూబాబాద్ అక్క:
గడిలో మొదటి వాక్యం, మూడో వాక్యం రాసి, మిగతాది చీటీ మీద రాసి కార్డు వెనక అతికిస్త. గ్రేడు మాట నిజమే సార్. మాట్లాడే గడిలో ఇవాళ ఎంత పలుకుతదో అంతే వేయాలి, జాలి గ్రేడు వద్దు. కానీ లెక్కల్లో నోటి లెక్క చెప్పలేదని తగ్గించొద్దు. గింజలు పెట్టి చూపిస్తే అది లెక్క వచ్చినట్టే.

హన్మకొండ సార్:
లెక్కల సంగతి ఒప్పుకుంట. ఇంటి భాష సంగతి ఇంకా ఒప్పుకోను.

నర్సంపేట టీచరమ్మ:
నిన్న తల్లి వచ్చింది. చదువు రాదు కాబట్టి నేనే చదివి వినిపించాను. "ఇంట్లో లంబాడీలోనే" అన్నచోట ఆపి, "అట్లనే ఉంచాల్నా మేడమ్? బడోళ్లు కోప్పడతరని నెల నుంచి తెలుగే మాట్లాడుతున్న" అన్నది. పాప పక్కనే నిలబడి చీటీ అతికించిన జిగురు గోటితో గీకుతోంది. హెచ్‌ఎం సంతకం ఇంకా పెట్టలేదు, సోమవారం చూద్దామన్నారు.