గ్రేడ్ 3 అంటే మూడో దశ కాదు: మరి తెలుగులో ఏమని రాయాలి?

లలిత, మధురవాడ
రొమ్ము క్యాన్సర్ రోగులకిచ్చే ఒక కరపత్రాన్ని తెలుగు చేస్తున్నాం. మొదటి ముసాయిదాలో స్టేజికీ గ్రేడుకీ రెండింటికీ 'దశ' అనే పడింది. స్టేజికి దశ ఎలాగూ స్థిరపడింది, పత్రికలూ అలాగే రాస్తున్నాయి. గ్రేడుకే వేరే మాట కావాలి. 'స్థాయి' అందామా, 'తరగతి' అందామా? కరపత్రంలో ఉదాహరణగా వేయడానికి తయారుచేసుకున్న నమూనా రిపోర్టు ఇది: గడ్డ 1.8 సెం.మీ., గ్రేడ్ 3, చంకలోంచి తీసిన 14 లింఫు గ్రంథుల్లో దేనిలోనూ క్యాన్సర్ లేదు, ఆఖరి వరుసలో `pT1c pN0`. ఇలాంటిది చేతికొస్తే ఇంట్లోవాళ్లు "మూడో స్టేజి అంట" అనుకుని కూలబడిపోతారు.

శ్రీనివాస్, గాజువాక
తేలికేనండి. మైక్రోస్కోపులో చూసి చెప్పేది గ్రేడు, స్కానింగులో చూసి చెప్పేది స్టేజి. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. 'స్థాయి' అని రాసేయండి, సరిపోతుంది.

రమణమూర్తి, పెదవాల్తేరు (పెథాలజీ బోధించి రిటైరయినవారు)
శ్రీనివాస్ గారూ, గ్రేడు విషయం మీరన్నట్టే. స్టేజి మాత్రం స్కానింగుతోనే తేలదు. లలిత గారి నమూనాలో 14 గ్రంథుల్లో క్యాన్సర్ లేదని చెప్పింది కూడా మైక్రోస్కోపే. `pT1c pN0`లో మొదటి చిన్న p అక్షరానికి అర్థం అదే, ఆపరేషన్‌లో తీసిన ముక్కను పరీక్షించి చెప్పిన మాట అని. కాబట్టి తేడా చూసే పరికరంలో లేదు, అడిగే ప్రశ్నలో ఉంది. ఈ కణాలు మామూలు రొమ్ము కణాల పోలిక నుంచి ఎంత తప్పిపోయాయి అన్నది గ్రేడు. గడ్డ ఎంత పెరిగింది, ఎందాకా పాకింది అన్నది స్టేజి.

రొమ్ములో గ్రేడు ఎలా వేస్తారో చెబితే మాట వెతకడం సులువవుతుంది. మూడు సంగతులు చూస్తాం, ఒక్కోదానికి 1 నుంచి 3 దాకా మార్కులు. మొదటిది, కణాలు ఇంకా గొట్టాల్లా అమరుతున్నాయా అని. గడ్డలో 75 శాతం పైన అలా ఉంటే 1, పది శాతం కూడా లేకపోతే 3. రెండోది, కణకేంద్రకాలు ఒకే తీరుగా ఉన్నాయా, చిన్నా పెద్దా కలిసి వికారంగా ఉన్నాయా అని. మూడోది, కొంత నిర్ణీత వైశాల్యంలో విభజన జరుగుతున్న కణాలు ఎన్ని కనిపిస్తున్నాయని లెక్క. మూడూ కూడితే 3 నుంచి 5 వస్తే గ్రేడ్ 1, 6 గానీ 7 గానీ అయితే గ్రేడ్ 2, 8 గానీ 9 గానీ అయితే గ్రేడ్ 3. మీ నమూనాలో గొట్టాలకు 3, కేంద్రకాలకు 3, విభజనలకు 2 వేశారనుకోండి, మొత్తం 8, గ్రేడ్ 3. ఇందులో గడ్డ సైజు లేదు, గ్రంథుల లెక్క లేదు.

ఇప్పుడు స్టేజి చూడండి. గడ్డ 2 సెం.మీ. లోపే ఉంది, గ్రంథుల్లోకి పోలేదు, వేరే అవయవాల్లో ఏమీ లేదనుకుంటే అది మొదటి దశ. ఒకే మనిషికి గ్రేడ్ 3, స్టేజి 1. రెండూ నిజమే. తిరగేసి కూడా జరుగుతుంది. గ్రేడ్ 1 గడ్డే ఏళ్ల తరబడి చూపించుకోకపోతే ఎముకల్లోకి పాకొచ్చు, అప్పుడది నాలుగో దశ.

శ్రీనివాస్, గాజువాక
ఒప్పుకున్నాను మేష్టారూ. కానీ ఒకదాన్నొకటి తాకవన్నది నిజమే కదా?

రమణమూర్తి, పెదవాల్తేరు
చాలా క్యాన్సర్లలో నిజమే. రొమ్ములో మాత్రం AJCC అనే అమెరికన్ సంస్థ స్టేజి నియమాల్లో 2018 నుంచి అమలులో ఉన్న ఎనిమిదో కూర్పు పద్ధతిలో రెండు రకాల స్టేజి ఉంది. ఒకటి సైజు, గ్రంథులు, పాకడం చూసి చెప్పే పాత లెక్క. రెండోదానిలో వాటికి గ్రేడునూ, గడ్డ కణాల్లో పరీక్షించే హార్మోన్ రిసెప్టర్లు, హెర్-2 అనే ప్రొటీన్లనూ కూడా కలుపుతారు. దాంతో అదే గడ్డ దశ కొంచెం పైకో కిందికో జరగొచ్చు. ప్రొస్టేటులోనూ గ్రేడు స్టేజి లెక్కలోకి వస్తుంది. అందుకే కరపత్రంలో "ఏ సంబంధమూ లేదు" అని రాయకండి. "ఒకటి చూసి రెండోది ఊహించకండి" అనండి.

సత్యవతి, అనకాపల్లి
మధ్యలో అడుగుతున్నానని ఏమనుకోకండి. మా మరిదికి మెదడులో గడ్డ. గ్రేడ్ 2 అన్నారు. మరి స్టేజి ఎంతండీ అంటే, దీనికి స్టేజి ఉండదమ్మా అన్నారు. మా దగ్గర దాస్తున్నారేమోనని ఇంట్లో అందరికీ అనుమానం.

రమణమూర్తి, పెదవాల్తేరు
దాచడం లేదమ్మా. మెదడులోనే పుట్టిన గడ్డ బయటి అవయవాలకు పాకడం చాలా అరుదు. అందుకే మామూలుగా దానికి స్టేజి వేయరు, 1 నుంచి 4 దాకా గ్రేడే చెబుతారు. రొమ్ముకు గ్రేడ్ 4 లేదు, మెదడుకు ఉంది. అవయవం పేరు లేకుండా అంకె ఒక్కటే చెప్పుకుంటే ఉపయోగం లేదనడానికి ఇదొక కారణం. ఊపిరితిత్తుల్లో పుట్టి మెదడుకు చేరిందైతే మాత్రం వేరే సంగతి, అది ఊపిరితిత్తుల క్యాన్సరు నాలుగో దశ అవుతుంది. మీ మరిదిది ఏ రకమో రిపోర్టులో పేరుంటుంది, డాక్టరు గారిని అదే అడగండి. గ్రేడ్ 2 గ్లయోమా అయితే కొన్నేళ్లకు గ్రేడు పెరిగి తిరగబెట్టొచ్చు. రమ్మన్నప్పుడల్లా ఎమ్మారైకి తీసుకెళ్లండి.

అప్పలరాజు, భీమిలి
మాట దగ్గరికొస్తే, 'తరగతి' నాకు నచ్చలేదు. మన వాడుకలో ఫస్టు గ్రేడు, ఫస్టు క్లాసు అంటే మేలురకం. మూడో తరగతి అనగానే నాసిరకం అనుకుంటారు, లేదంటే బడి గుర్తొస్తుంది. 'స్థాయి' అంటే మళ్లీ దశ లాగే వినపడుతుంది. రెండో స్థాయి నుంచి మూడో స్థాయికి వెళ్లిందని మాట్లాడతారు. 'కణ తీవ్రత' అంటే ఎలా ఉంటుంది?

రమణమూర్తి, పెదవాల్తేరు
తీవ్రత అంటే రోగి పరిస్థితి తీవ్రం అనుకుంటారు రాజు గారూ. గ్రేడ్ 3 కణాలు త్వరత్వరగా విభజన చెందుతాయి, నిజమే. కానీ కీమో దెబ్బ ఎక్కువగా తగిలేది కూడా అలా విభజన చెందే కణాలకే. ఆ మాట చదివి ఇంక లాభం లేదని చికిత్స మానేస్తే ఎంత నష్టం! నా మటుకు నేను 'గ్రేడు' అనే ఉంచి, "కణాల తీరు" అని పక్కన ఒక ముక్క రాస్తాను.

'దశ'తోనూ ఒక చిక్కుంది, దాన్నెవరూ పట్టించుకోవడం లేదు. మొదట నిర్ధారించినప్పుడు వేసిన స్టేజే రికార్డులో ఉంటుంది. రెండో దశలో వైద్యం చేయించుకున్న మనిషికి అయిదేళ్ల తర్వాత కాలేయంలో కనిపిస్తే, రికార్డులో "రెండో దశ, తిరగబెట్టింది" అనే రాస్తారు. బయట అందరూ నాలుగో దశకు వెళ్లిందనే అంటారు.

లలిత, మధురవాడ
అయితే వాక్యం ఇలా మారుస్తున్నాను: "గ్రేడు కణాల తీరును చెబుతుంది, దశ క్యాన్సర్ ఎందాకా పాకిందో చెబుతుంది. మీ రిపోర్టులో గ్రేడు పక్కనున్న అంకెను దశ అనుకోకండి." రిపోర్టుల్లో గ్రేడు అంకె రోమన్‌లో III అని పడటం కూడా తికమకకు కారణమే, స్టేజీ అలాగే రాస్తారు కదా. నమూనా బొమ్మలో ఆ రెండు చోట్లా రెండు రంగులు వేయిస్తాను.

అప్పలరాజు, భీమిలి
రంగులు బాగుంటాయి, ఎరుపు మాత్రం వద్దు. 'తీరు' ఒక్కటే చాలు కదా, 'గ్రేడు' ఎందుకని నేనింకా అంటాను.

లలిత, మధురవాడ
రిపోర్టులో వాళ్లకి కనిపించే మాట గ్రేడేనండి. అది తీసేస్తే కరపత్రాన్నీ రిపోర్టునూ పక్కపక్కన పెట్టుకుని చూసుకోలేరు.