అండర్‌టోన్ చూసి లిప్‌స్టిక్ కొనాలా? నిజమేనా, షాపు వాళ్ళ మాటా?

లంకపిల్ల (అమలాపురం): నాది చామనఛాయ. మణికట్టు దగ్గర నరాలు ఆకుపచ్చగా ఉన్నాయి కాబట్టి నీది వార్మ్, అంటే చర్మం లోపలి ఛాయ పసుపు వైపు, పీచ్ న్యూడ్ బాగుంటుంది అని షాపులో అన్నారు. తెచ్చుకుని వేసుకుంటే జ్వరం వచ్చి లేచినట్టున్నా. అదే లిప్‌స్టిక్ మా చెల్లి వేసుకుంటే భలే ఉంది. దానికీ నరాలు ఆకుపచ్చే. మరి ఈ అండర్‌టోన్ అనేది ఉందా, లేదా? వచ్చే వారం అక్క పెళ్ళి, టెన్షన్‌గా ఉంది.

బుల్లెమ్మ_భీమవరం: ఉంది తల్లీ, ఎందుకు లేదు. నరాలు ఆకుపచ్చ అయితే వార్మ్, ఊదా అయితే కూల్, అంటే లోపలి ఛాయ గులాబీ వైపు. బంగారం నప్పితే వార్మ్, వెండి నప్పితే కూల్. నీకు పీచ్ నప్పలేదంటే నువ్వు కూలే. ట్యూబ్‌లైట్ కింద చూసుకుని ఉంటావు, నరాల రంగు తప్పుగా కనిపించింది. గులాబీ రంగులకి వెళ్ళు, ఇంక ఆలోచించకు.

పెళ్ళికూతురి_మేకప్ (పాలకొల్లు): బుల్లెమ్మగారూ, బంగారం మాట కొంతవరకు ఒప్పుకుంటాను. నరాల మాట మాత్రం మన ఛాయలకి పనికిరాదండి. నరంలో రక్తం ముదురు ఎరుపే. బయటికి నీలంగానో ఆకుపచ్చగానో కనిపించేది, వెలుతురు చర్మంలోకి వెళ్ళి తిరిగొచ్చే తీరు వల్ల. పైన చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎక్కువైనకొద్దీ ఆ నీలం ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. నా దగ్గరికొచ్చే చామనఛాయ అమ్మాయిల్లో ఎక్కువమందికి ఆకుపచ్చే. ఇంకా ముదురు ఛాయలో నరమే కనపడదు. ఆ లెక్కన కోనసీమలో సగం మంది వార్మే అయిపోతారు!

లంకపిల్లా, నీ చెల్లి నీకంటే ఒక ఛాయ తెలుపు కదూ? అదే ఐతే మీ ఇద్దరి అండర్‌టోన్ ఒకటే అయ్యుండొచ్చు. తేడా ఛాయ ఎంత ముదురన్న దాంట్లో ఉంది. లేత న్యూడ్ షేడ్లలో తెల్ల పిగ్మెంట్ బాగా కలుపుతారు. ముఖం కంటే పెదవి లేతగా అయిపోతే ఆ తెలుపే బూడిదలా పైకి తేలుతుంది. షేడ్ వార్మా కూలా అన్నది అప్పుడు ఎవరికీ కనిపించదు. నువ్వు పీచ్ వదిలి గులాబీకి వెళ్ళినా, అది కూడా అంతే లేతదైతే ఇదే గొడవ.

లంకపిల్ల: ఆయ్, చెల్లి తెలుపేనండి. ఇంకోటి, నా పై పెదవి బాగా గోధుమరంగు, కింది పెదవి కాస్త గులాబీ. పీచ్ వేస్తే పైన మట్టిరంగు, కింద వేరే రంగు వస్తోంది.

సుబ్బలక్ష్మి_ద్రాక్షారామం: మా కోడలి పెదవులు కూడా నలుపేనమ్మా. రాత్రిళ్ళు బీట్‌రూట్ రసం, నెయ్యి రాయమన్నాను. నెల తిరిగేసరికి తెల్లబడితే ఏ రంగైనా నప్పుతుంది. ముందు ఛాయ సంగతి చూసుకోండి.

పెళ్ళికూతురి_మేకప్: పిన్నిగారూ, బీట్‌రూట్ ఎర్రగా అంటుకుంటుంది, కడిగితే పోతుంది. పెదవిలో ఉన్న మెలనిన్‌ని అది ఏమీ చేయదు. ఇక్కడ అడిగింది తెల్లబడటం గురించి కూడా కాదు. నల్లటి ఛాయలో కూల్ ఉంటారు, తెల్లటి ఛాయలో వార్మ్ ఉంటారు.

లంకపిల్లకి ఇలా చేయమంటాను. ఒకే ముదురు ఉన్న రెండు ఎరుపులు తీసుకో. ఒకటి ఇటుక వైపు, ఇంకోటి నేరేడు వైపు. ఏది ఎటు వాలుతోందో తెలియకపోతే తెల్ల టిష్యూ మీద పలచగా రుద్దు. ట్యూబ్‌లో ఒకేలా కనిపించేవి అక్కడ విడిపోతాయి. పొద్దున్న, ఎండ నేరుగా పడని వీధి వరండాలో, మెడ చుట్టూ తెల్ల తువ్వాలు వేసుకుని కూర్చో. పెదవులకి ముందు కొంచెం ఫౌండేషన్ అద్దు, పైదీ కిందదీ ఒక రంగుకి వస్తాయి. ఒక షేడ్ వేసి చూసి, తుడిచి, ఇంకోటి వేయి.

చూడాల్సింది పెదవిని కాదు. కళ్ళ కింద, నోటి మూలల్లో ఉండే నీడ చూడు. నప్పని రంగుకి ఆ నీడ పచ్చగానో బూడిదగానో ముదురుతుంది. పళ్ళు కూడా చూడు. నారింజ వైపు ఎరుపు పళ్ళని పసుపుగా చూపిస్తుంది, నీలం కలిసిన ఎరుపు తెల్లగా చూపిస్తుంది. ఇది అండర్‌టోన్‌తో పనిలేకుండా అందరికీ జరుగుతుంది, అందుకే చాలామంది కూల్ ఎరుపు నప్పిందని పొరబడతారు.

మ్యాచింగ్‌సెంటర్_రాజోలు: మేడమ్, నేను రోజంతా జాకెట్ గుడ్డలు మ్యాచ్ చేసేవాణ్ణి. నన్నడిగితే ముఖం కంటే చీరే ముఖ్యం. ఒకే ఎర్ర గుడ్డ ఆకుపచ్చ అంచు పక్కన పెడితే మండిపోతుంది, రాణి రంగు పక్కన పెడితే ఇటుకలా తేలిపోతుంది. అందుకే గుడ్డని షాపు బయటికి తెచ్చి, చీర పక్కన పెట్టి చూపిస్తాం. అండర్‌టోన్ అంతా కొత్త వ్యాపారం.

డ్రాయింగ్‌మాస్టారు_రాజమండ్రి: ఆయన చెప్పిందాంట్లో విషయం ఉంది. ఫ్రాన్స్‌లో గోబెలిన్ నేతశాలలో అద్దకాలు చూసిన షెవ్రెల్‌కి నల్లరంగు సరిగ్గా రావట్లేదని ఫిర్యాదులొచ్చేవి. రంగులో లోపం లేదు, పక్కన నేసిన రంగు వల్ల నలుపు వెలిసినట్టు కనిపిస్తోందని ఆయన తేల్చాడు. 1839లో అచ్చు వేశాడు కూడా. కానీ సార్, పెదవికి అన్నిటికంటే దగ్గరున్న రంగు చర్మమే కదా. మీ సూత్రం ప్రకారమే అండర్‌టోన్ లెక్కలోకి వస్తుంది!

మ్యాచింగ్‌సెంటర్_రాజోలు: వస్తుందేమో మాస్టారూ. కానీ ఫోటోలో కనిపించేది ఆరు గజాల పట్టు. నా మాట నాదే.

లంకపిల్ల: చూశానండి. ఇటుక వైపుది వేస్తే కళ్ళ కింద నీడ తగ్గినట్టుంది, పళ్ళు మాత్రం కాస్త పచ్చగా ఉన్నాయి. నేరేడు వైపుది వేస్తే పళ్ళు బాగున్నాయి, కానీ ముఖం కంటే నోరే ముందు కనిపిస్తోంది. పీచ్‌లా పాలిపోవడం మాత్రం రెండిటికీ లేదు. అమ్మ ఇటుక అంది, అక్క నేరేడు అంది.

బుల్లెమ్మ_భీమవరం: ఇటుక అంటే వార్మే కదా. నరాలు చెప్పింది అదే!

పెళ్ళికూతురి_మేకప్: ఇటుకే నీది, కాకపోతే గోరంత వార్మ్, బాగా నారింజకి పోకు. దాల్చినచెక్క రంగు, ఇటుకలో కొంచెం గులాబీ కలిసినవి చూడు. బుల్లెమ్మగారూ, అందరికీ ఒకే జవాబిచ్చే పరీక్ష ఒక్కోసారి నిజం చెబుతుందిలెండి.

రాత్రి ముహూర్తమైతే ఒక సంగతి. పసుపు లైట్ల కింద ఇటుక వెలుగుతుంది, నేరేడు గోధుమలోకి దిగుతుంది. భోజనాల తర్వాత ఇంకోటి. ఎక్కువసేపు నిలుస్తాయనే కొన్ని లిప్‌స్టిక్‌లలో చర్మానికి పట్టే ఇయోసిన్ జాతి రంగు ఉంటుంది. పులుసుకీ నూనెకీ పైపూత పోయాక నారింజది కూడా గులాబీ మరకే మిగులుస్తుంది. ఒకసారి ఇంట్లో అన్నం తిని చూసుకుంటే తెలుస్తుంది.

లంకపిల్ల: మరి అక్కకి? రేపు పెళ్ళికూతుర్ని చేస్తున్నారు.

పెళ్ళికూతురి_మేకప్: అయితే ఈరోజే చూసెయ్యండి. పసుపు రాశాక ముఖం ఒకటి రెండు రోజులు పచ్చగా ఉంటుంది, ఎవరైనా వార్మ్‌లాగే కనిపిస్తారు. చీర కూడా భుజాన వేసుకోమను, రాజోలు సార్‌కి కోపం రాకుండా.