తాతల నాటి భవంతికి హెరిటేజ్ రక్షణ అడగాలా, వద్దా?

భవంతి_ఆడపడుచు: సుల్తాన్ బజార్ వైపు మా ముత్తాత 1926లో కట్టించిన ఇల్లుంది. బిల్డర్లు తిరుగుతున్నారు. హెరిటేజ్ శాఖకు ఇలా రాశాను: "మా పూర్వీకుల ఇంటిని రక్షిత కట్టడంగా ప్రకటించి, మరమ్మతులకు సాయం చేయగలరు." నేనూ తమ్ముడూ సంతకం పెట్టాం. పంపమంటారా?

ఫ్లాట్_302: పంపొద్దు. ఆ బోర్డు పెట్టారంటే ఇల్లు సర్కారుది అయిపోయినట్టే.

సున్నపు_గానుగ: అవదండీ. రక్షిత కట్టడమని ప్రకటించినా యాజమాన్యం మారదు. కూల్చాలన్నా, రూపం మార్చాలన్నా అనుమతి కావాలి, అంతే. అయితే ఆ ఒక్క వాక్యంలో మీరు రెండు వేర్వేరు పనులు అడిగారు. రక్షిత కట్టడం అనేది గుళ్ళు, కోటలు, సమాధుల్లాంటి వాటికి వాడే మాట. మనుషులు కాపురముండే ఇంటికి కావలసింది హెరిటేజ్ భవనాల జాబితాలో చోటు. హైదరాబాద్‌లో 1995 నుంచి రెగ్యులేషన్ 13 కింద అలాంటి జాబితా ఉండేది. 2015లో ఆ నిబంధనను తీసేశారు. తర్వాత 2017 తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చింది. దాని కింద పరిశీలించమని అడగండి. మరమ్మతు డబ్బు సంగతి ఇందులో కలపకండి, దానికి ఇంకో ఉత్తరం రాయండి.

పాత_లెక్క: వందేళ్ళు నిండాయా? నిండకపోతే దండగ.

సున్నపు_గానుగ: వందేళ్ళ లెక్క కేంద్ర పురావస్తు చట్టానిది. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ 1939లో పూర్తయింది, అది హెరిటేజ్ కాదంటామా?

పాత_లెక్క: అది యూనివర్సిటీ. ఇల్లు వేరు. వందేళ్ళకు కాగితం ఉందా, లేదా?

భవంతి_ఆడపడుచు: ఉర్దూలో పాత దస్తావేజు ఉంది.

సున్నపు_గానుగ: దాని తెలుగు అనువాదం జత చేయండి. "అపురూపమైన", "వైభవోపేతమైన" లాంటి మాటలు తీసేయండి. మున్సిపల్ ఇంటి నంబరు, కొలతలతో ప్లాను, ఏ గోడ ఎటు వైపుదో రాసిన ఫొటోలు పెట్టండి. ఏది అసలుది, ఏది తర్వాత కట్టిందో చెప్పండి. నడి వాకిలి చుట్టూ టేకు స్తంభాలు, దూలాల మీద ఇటుకా సున్నంతో వేసే మద్రాస్ టెర్రస్ కప్పు, డంగు సున్నం గిలాబా ఉంటే ఆ సంగతే రాయండి. స్ట్రక్చరల్ ఇంజనీరు రిపోర్టు కూడా కావాలి. ఇల్లు ప్రమాదకరమని మున్సిపాలిటీ నోటీసు ఇచ్చిందంటే మీ ఉత్తరం కన్నా అదే ముందు కదులుతుంది.

గోదారి_గట్టు: మా రాజమండ్రి ఇంట్లో అద్దెకున్నాయన పదేళ్ళుగా ఖాళీ చేయడం లేదు. ఈ హెరిటేజ్ వస్తే వెళ్ళిపోతాడా?

సున్నపు_గానుగ: అది అద్దె కేసు. దీనికీ దానికీ సంబంధం లేదు.

గోదారి_గట్టు: ఎందుకు లేదు? ఇల్లు నాది, అనుభవించేది వేరొకరు. ఇక్కడా అంతేగా!

ఫ్లాట్_302: నేనూ అదే అంటున్నా. ఫొటోలు దిగడానికి ఊరంతా వస్తుంది, కప్పు కారితే ఓనరు ఒక్కడే.

భవంతి_ఆడపడుచు: మీకు ఇల్లంటే చదరపు గజాల లెక్కే. మాకు అది వంశం.

పెరటి_బావి: వంశం సంగతి నేను చెప్తా. నేను ఈమె వదినను. ఆ ఇంట్లో ఉండేది మేము. ఉత్తరం రాసినట్టు ఇక్కడ చూసేదాకా నాకు తెలియదు. మొన్న వానలకు పడమటి గది దూలం చివర పుచ్చి పొడిగా రాలింది. నువ్వు అమెరికా నుంచి సంతకం పెడతావు, బకెట్లు పెట్టేది నేను.

భవంతి_ఆడపడుచు: వదినా, మీరు అమ్మేస్తారేమోనన్న భయంతోనే చెప్పలేదు.

పెరటి_బావి: అట్లా అను. ఇల్లు పోతుందని కాదు, నేను అమ్ముతానని నీ భయం.

సున్నపు_గానుగ: వదినగారూ, ఆ కప్పు మీద ఎప్పుడైనా సిమెంటు పోయించారా?

పెరటి_బావి: పదేళ్ళ కింద పోయించాం. ఆగుతుందన్నారు.

సున్నపు_గానుగ: కారణం చాలావరకు అదే అయ్యుంటుంది. సున్నం కప్పు తడిని పీల్చుకుని మళ్ళీ వదిలేస్తుంది. పైన సిమెంటు పొర పడితే, పగుళ్ళలోంచి దిగిన నీరు ఆరే దారి లేక గోడలో ఉన్న దూలం కొనల దగ్గర నిలుస్తుంది. కొనలు మెత్తబడ్డాయో లేదో స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే తెలుస్తుంది. లోపలికి దిగితే ఆ గది దూలాల కింద వెంటనే ఊతకర్రలు పెట్టించండి. ఉత్తరం తర్వాత పంపొచ్చు. మీ సంతకాలు లేకుండా పంపితే మాత్రం, వాటాదారులే ఒప్పుకోలేదని మీ అభ్యంతరంతోనే ఫైలు ఆగుతుంది.

పాత_లెక్క: 1926 అంటున్నారు. దస్తావేజు స్థలానికా, కట్టడానికా?

సున్నపు_గానుగ: ఇది మంచి ప్రశ్న. స్థలం కాగితమే అయితే పాత పన్ను రసీదులు కూడా వెతకాలి.

పెరటి_బావి: జాబితాలో చేరితే మేము వదులుకునే అంతస్తులకు బదులేమిటి?

సున్నపు_గానుగ: హెరిటేజ్ భవనాలకు టీడీఆర్, అంటే వదులుకున్న నిర్మాణ హక్కును వేరే చోట వాడుకోవడానికో అమ్ముకోవడానికో ఇచ్చే పత్రం, అడిగే వీలు 2012 నిర్మాణ నిబంధనల్లో ఉంది. మీ ఇంటికి ఎంత వస్తుందో, వస్తుందో రాదో నేను మాట ఇవ్వలేను.

పెరటి_బావి: సరే. మరమ్మతులో ఎవరి వాటా ఎంతో ముందు స్టాంపు కాగితం మీద రాయండి. అప్పుడు మేమూ సంతకం పెడతాం.

భవంతి_ఆడపడుచు: నా వాటా ఇస్తాను. తమ్ముడి మాట నేనెలా చెప్పను?

పెరటి_బావి: ఉత్తరం మీద వాడి సంతకం తెచ్చింది నువ్వేగా. దీనికీ తేవాల్సింది నువ్వే.