విరాళం ఉత్తరంలో కథ నుంచి అభ్యర్థనకు ఎలా రావాలి?

వినికిడి లోపమున్న పిల్లలకు హియరింగ్ ఎయిడ్లు ఇప్పించే మా చిన్న సంస్థ కోసం ఒక పేజీ ఉత్తరం రాస్తున్నాను. మొదటి డ్రాఫ్ట్ "ఎందరో చిన్నారుల జీవితాల్లో వెలుగు" అని మొదలైంది. అది తీసేసి ఏడేళ్ల పాప ఒక్కతి గురించే రాశాను. పేరు పిలిస్తే పలకదు, పక్కపిల్ల నోటుబుక్ తెరిస్తే చూసి తానూ తెరుస్తుంది. వాళ్లమ్మ అనుమతి తీసుకుని, పేరు మార్చాను.

చివర్లో విరాళం, వాలంటీర్లు, ప్రచారం అని మూడు అడిగేదాన్ని. ఇప్పుడు ఒకటే ఉంచి మూడో పేరాలోకి తెచ్చాను: "నెలాఖరులోగా ఒక పరికరం ఖర్చు పంపండి." సంస్థతో సంబంధం లేని ఇద్దరితో చదివించాను. ఏం అడుగుతున్నానో, గడువెప్పుడో ఇద్దరూ సరిగ్గా చెప్పారు. కానీ ఇద్దరిదీ ఒకటే సందేహం: "పాపకు మిషన్ వచ్చేసిందిగా, మరి ఈ డబ్బు ఎవరికి?"

నిజమే, టీచర్ పిలవగానే పాప తల తిప్పడంతో కథ ముగిసిపోతోంది. ఆ ముగింపు తీసేస్తే తను ఇంకా ఎదురుచూస్తున్నట్టు అనిపిస్తుంది, అది అబద్ధం. "ఇంకా పదకొండు మంది ఉన్నారు" అని కలిపితే, అంకె ముందు పాప మసకబారుతోంది.

పాప కథను నిజాయితీగా ముగించి, ఇంకా పరికరం అందని పిల్లల వైపు దాతను తీసుకెళ్లే ఆ ఒక్క వాక్యం మీరైతే ఎలా రాస్తారు?