ధాతువులు తెలిస్తే రోగం పేరు విప్పుకోవచ్చా?

చిరుకలం: డిశ్చార్జి సమ్మరీలు తెలుగు చేస్తున్నాను. ఒకదాంట్లో ‘కోలెడోకోలిథియాసిస్’ అని వచ్చింది, నా నిఘంటువులో లేదు. గ్రీకు, లాటిన్ ధాతువులు నేర్చుకుంటే పనికొస్తుందా, టైం దండగా?

పదశోధిని: పనికొస్తుందండీ. ఈ మాటనే తోక నుంచి చదవండి. చివర ‘ఇయాసిస్’ ఉంది, అంటే ఏదో ఏర్పడి ఉన్న స్థితి. ‘ఐటిస్’ అయితే ఇన్‌ఫ్లమేషన్ అయ్యేది. దాని ముందు ‘లిథ్’, అంటే రాయి. ఇప్పుడు తలకి వెళ్లండి: ‘కోలె’, పైత్యరసం. నడుమ మిగిలింది ‘డోకో’. గ్రీకులో పుచ్చుకోవడం అనే క్రియకి చుట్టం, ఇక్కడ పైత్యరసాన్ని అందుకునే గొట్టం. కలిపితే పిత్తనాళంలో రాయి.

తప్పు జరిగేది ఆ ‘డోకో’ దగ్గరే. చాలామంది దాన్ని మింగేసి ‘పిత్తాశయంలో రాళ్లు’ అని రాస్తారు. అది మామూలుగా కోలెలిథియాసిస్‌కి రాసే మాట. నాళంలో రాయి అడ్డుపడితే పైత్యరసం పేగులోకి దిగదు, కళ్లు పచ్చబడతాయి. వైద్యం కూడా వేరు.

రాత్రిషిఫ్టు: క్రోన్స్, హాడ్జ్‌కిన్ వస్తే? మనిషి పేర్లలో ఏ ధాతువు వెతుకుతారు?

పదశోధిని: వెతకను. వాటికి నిఘంటువే దిక్కు.

నిఘంటుదాసు: ఇంత వివరం దేనికి? ధాతువుల పట్టిక ఒకటి బట్టీ పట్టండి, మక్కీకి మక్కీ దించేయండి. ‘మయెల్’ అంటే మజ్జ. మయెలోమా, మయెలైటిస్, మయెలోపతి ఏదొచ్చినా మజ్జే. ధాతువు మారదు.

పదశోధిని: దాసుగారూ, అక్కడే కొంప మునుగుతుంది. గ్రీకువాళ్లు ఎముకలోని మజ్జనీ, వెన్నెముక లోపలి పదార్థాన్నీ ఒకే మాటతో పిలిచారు. అందుకే మయెలోమా మజ్జకి చెందితే, మయెలోపతి వెన్నుపాముకి చెందుతుంది. మయెలైటిస్ ఒంటరిగా వస్తే వెన్నుపాము, ముందు ‘ఆస్టియో’ తగిలితే ఎముక. తేల్చుకోవాలంటే అదే కాగితంలో చుట్టూ చూడాలి. కాళ్లలో పట్టు తగ్గింది, మూత్రం ఆగడం లేదు అని ఉంటే వెన్నుపాము సంగతి. హిమోగ్లోబిన్ పడిపోయింది, మజ్జ పరీక్ష చేశారు అని ఉంటే మజ్జ.

నిఘంటుదాసు: అంటే ధాతువు అబద్ధం చెబుతుందా? మీరే పనికొస్తుందన్నారు!

పదశోధిని: అబద్ధం చెప్పదు, సగమే చెబుతుంది.

లక్ష్మీప్రసన్న: మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా అమ్మ రిపోర్టులో పాత ఆపరేషన్ల కింద కోలెసిస్టెక్టమీ అని ఉంది, కింద ఇప్పుడు ఈ కోలెడోకో మాటే ఉంది. సంచి తీసేశాక రాళ్లు ఎక్కడినుంచి వస్తాయి? రిపోర్టు తప్పా?

పదశోధిని: తప్పు కానక్కర్లేదమ్మా. ‘సిస్ట్’ సంచి, ‘ఎక్టమీ’ కోసి తీసేయడం. సంచి పోయినా నాళం అక్కడే ఉంటుంది. రాయి అప్పుడే నాళంలోకి జారి ఉండవచ్చు, తర్వాత నాళంలోనే పుట్టనూవచ్చు. ఏదన్నది డాక్టరు చెప్పాలి.

చిరుకలం గారూ, మీకూ ఇదే తనిఖీ. పిత్తాశయం తీసేసిన మనిషికి ‘పిత్తాశయంలో రాళ్లు’ అని మీ అనువాదంలో వచ్చిందంటే ఒక ధాతువు జారిపోయినట్టే.

నిఘంటుదాసు: ఇవన్నీ సరే. నేను ఇదే జబ్బుకి ‘పిత్తవాహికాశ్మరి’ అని రాస్తే ఏజెన్సీ తిప్పి పంపి డబ్బు కోసేసింది. ధాతువుకి ధాతువు సరిపోయింది కదా, తప్పెక్కడ? మీలాంటివాళ్లే తెలుగులో మాట పుట్టనివ్వరు!

పదశోధిని: కోపం దేనికండీ? మాట తప్పని నేననలేదు. ఆ కాగితం ఎవరి చేతికి వెళుతుంది? రోగికి ‘అశ్మరి’ అంటే తెలుస్తుందా? నేను ధాతువుల్ని చదవడానికి వాడతాను, మీరు మాట పుట్టించడానికి వాడుతున్నారు. మన పేచీ గ్రీకుతో కాదు.

నిఘంటుదాసు: ఎవరూ రాయకపోతే ఎప్పటికీ తెలియదు. పాఠ్యపుస్తకంలో ‘పిత్తాశయం’ కూడా ఒకప్పుడు కొత్తదే. నా మాట మీద నేనుంటాను.

రాత్రిషిఫ్టు: పాఠ్యపుస్తకానికి దాసుగారి మాట, డిశ్చార్జి కాగితానికి పదశోధిని గారి మాట.

నిఘంటుదాసు: ఒప్పుకోను. ఒక జబ్బుకి రెండు పేర్లేంటి?

చిరుకలం: ‘పిత్తనాళంలో రాయి’ అని రాసి, పక్కనే అసలు పేరు తెలుగు లిపిలో ఉంచాను. ఒక్క అనుమానం. రాయా, రాళ్లా?

పదశోధిని: ‘లిథియాసిస్’లో లెక్క ఉండదు. స్కాన్ వివరాల్లో చూడండి.

చిరుకలం: ఒక్కటే ఉంది, 8 మి.మీ.

పదశోధిని: అయితే రాయి. ఆ 8 మి.మీ. కూడా వదలకుండా రాయండి.