స్ట్రాబెరీ గుజ్జు కలిపితే ఐస్‌క్రీమ్‌లో మంచు పలుకులు ఎందుకు వస్తున్నాయి?

ప్రశ్న

యంత్రంతో పని లేకుండా, గిలక్కొట్టిన క్రీమ్‌లో కండెన్స్‌డ్ మిల్క్ కలిపి చేసే ఐస్‌క్రీమ్ వెనిలా రుచిలో నాకు రెండుసార్లు చక్కగా కుదిరింది. 400 మిల్లీలీటర్ల విప్పింగ్ క్రీమ్‌కు 400 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్ వాడాను. మొన్న అవే కొలతలకు 300 గ్రాముల స్ట్రాబెరీలను మిక్సీలో వేసి, ఆ గుజ్జును నేరుగా కలిపి రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచాను. పొద్దున చూస్తే చెంచా దిగనంత గట్టిగా ఉంది, నోట్లో వేసుకుంటే మంచు పలుకులు కరకరమన్నాయి. పొరపాటు ఎక్కడ జరిగిందో, కాఫీ, చాక్లెట్ రుచులకు కూడా ఇదే ఇబ్బంది ఉంటుందో తెలిసినవారు చెప్పగలరు.

మొదటి జవాబు

మీరు క్రీమ్‌ను తగినంత గిలక్కొట్టలేదని నా అభిప్రాయం. అందులో గాలి ఎంత ఎక్కువగా నిలిస్తే ఐస్‌క్రీమ్ అంత మెత్తగా ఉంటుంది కాబట్టి, బాగా బిగుసుకునేదాకా కొట్టండి. ఫ్రీజర్‌లో పెట్టాక గంటకోసారి బయటికి తీసి మళ్లీ బీటర్‌తో తిప్పితే మంచు పలుకులు విరిగిపోతాయి.

రెండవ జవాబు

గాలి గురించి పైన చెప్పినది నిజమే, యంత్రం తిప్పుతూ చేసే పనిని ఇక్కడ ముందుగానే క్రీమ్‌లో నింపిన గాలి చేస్తుంది. అయితే బిగుసుకునేదాకా కొట్టమనడం ప్రమాదం. బీటర్ పైకెత్తినప్పుడు క్రీమ్ కొన నిలబడి, చివర కాస్త వంగిన దగ్గరే ఆపాలి. ఆ తరువాత కండెన్స్‌డ్ మిల్క్ కలిపేటప్పుడు కూడా అది కొంత బిగుస్తుంది. నునుపు పోయి పైభాగం గరుకుగా కనిపించిందంటే వెన్న పడబోతోందని అర్థం. ఆ దశలో రెండు మూడు చెంచాల చల్లని క్రీమ్ పోసి గరిటెతో నెమ్మదిగా కలిపితే చాలావరకు సర్దుకుంటుంది, నీళ్లు విడిపోయాక మాత్రం ఇక వెన్నగా వాడుకోవలసిందే. గంటకోసారి తిప్పడం అనేది గిలక్కొట్టకుండా పలచగా పోసి గడ్డకట్టించే మిశ్రమాలకు పనికొస్తుంది. దీనికి అలా చేస్తే ఉన్న గాలి పోతుంది.

మీ వెనిలా బాగా వచ్చింది కాబట్టి చేయి తప్పలేదు. తేడా అంతా నీటిలో ఉంది. కొవ్వు 35 శాతం ఉన్న క్రీమ్ 400 మిల్లీలీటర్లలో, 400 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్‌లో కలిపి సుమారు 340 గ్రాముల నీరు ఉంటుంది. ఆ నీటిని పూర్తిగా గడ్డకట్టనీయకుండా కండెన్స్‌డ్ మిల్క్‌లోని చక్కెర ఆపుతుంది. స్ట్రాబెరీలో పదింట తొమ్మిది వంతులు నీరే. అంటే 300 గ్రాముల గుజ్జుతో మీరు ఇంకో 270 గ్రాముల నీరు పోశారు, చక్కెర మాత్రం దాదాపు అంతే ఉంది. ఆ అదనపు నీరే పలుకులైంది.

అందువల్ల గుజ్జును ముందు మరిగించి దగ్గరకు చేయండి. వెడల్పాటి గిన్నెలో రెండు చెంచాల చక్కెరతో సన్నని మంట మీద పెట్టి, 300 గ్రాములు 130 గ్రాముల దాకా తగ్గేవరకు కలుపుతూ ఉండండి. గరిటెతో గిన్నె అడుగున గీత గీస్తే అది వెంటనే మూసుకోకుండా ఒక్క క్షణం నిలవాలి, అదే గుర్తు. దించాక కొద్దిగా నిమ్మరసం పిండి, ఫ్రిజ్‌లో పూర్తిగా చల్లారనివ్వండి. గోరువెచ్చగా ఉన్న గుజ్జు పోస్తే క్రీమ్‌లోని కొవ్వు కరిగి నురగ కూలిపోతుంది. ముందు గుజ్జును కండెన్స్‌డ్ మిల్క్‌లో కలిపి, అందులో మూడో వంతు క్రీమ్ వేసి పలచన చేసుకుని, మిగిలిన క్రీమ్‌ను అడుగు నుంచి పైకి మడుస్తున్నట్లుగా కలపండి.

మూడవ జవాబు

నాది కూడా ఇదే సమస్యండి. నేను చేసినది పది గంటలైనా గడ్డకట్టలేదు, పాయసంలా జారుతోంది. క్రీమ్ ఎంతసేపు కొట్టినా చిక్కబడలేదు. డబ్బా మీద కొవ్వు 25 శాతం అని ఉంది. పైగా కాఫీ రుచి కోసం అర కప్పు కాఫీ లిక్కర్ పోశాను.

రెండవ జవాబు ఇచ్చినవారు

మీది ఆయన సమస్యకు పూర్తిగా ఎదురుగా ఉన్నదమ్మా. 25 శాతం కొవ్వుతో గాలిని పట్టి ఉంచే నురగ నిలవదు, కనీసం 35 శాతం ఉన్న క్రీమ్ కావాలి, అది కూడా గిన్నెతో సహా ఫ్రిజ్‌లో బాగా చల్లబడి ఉండాలి. ఇక మద్యం గడ్డకట్టడాన్ని ఆపుతుంది కనుక ఈ కొలతకు రెండు పెద్ద చెంచాలు మించకూడదు. కాఫీ రుచే కావాలంటే రెండు పెద్ద చెంచాల ఇన్‌స్టంట్ కాఫీ పొడిని ఒకే ఒక్క పెద్ద చెంచా వేడినీటిలో కరిగించి, చల్లార్చి కండెన్స్‌డ్ మిల్క్‌లో కలపండి. చిక్కగా కాచిన కాఫీ కప్పుతో పోస్తే మళ్లీ నీటి కథే మొదలవుతుంది.

చాక్లెట్ విషయంలో నీటి బెడద లేదు, కోకో పొడి నీటిని పీల్చుకుంటుంది. 40 గ్రాముల కోకోను జల్లించి, కొద్దిగా వేడిచేసిన కండెన్స్‌డ్ మిల్క్‌లో ఉండలు లేకుండా కలిపి చల్లార్చాలి. చాక్లెట్ ముక్కలు వేస్తే ఫ్రీజర్‌లో రాళ్లలా బిగుస్తాయి. వాటికి బదులు కరిగించిన చాక్లెట్‌లో ఒక చెంచా నూనె కలిపి, మిశ్రమాన్ని డబ్బాలో పొరలుగా పోస్తూ మధ్యమధ్య సన్నని ధారగా వేయండి. అది పల్చని రేకులుగా గట్టిపడి, పంటికింద ఇట్టే విరుగుతుంది.

నాల్గవ జవాబు

మరిగించిన స్ట్రాబెరీకి జామ్ వాసన వస్తుంది, తాజా పండు రుచి పోతుంది. నేను ఫ్రీజ్ డ్రై చేసిన స్ట్రాబెరీల పొడి 25 గ్రాములు వాడతాను. నీరు ఉండదు, రంగు, పులుపు రెండూ నిలుస్తాయి. కానీ నాకు ఇప్పటికీ కుదరనిది తీపి. కండెన్స్‌డ్ మిల్క్ 300 గ్రాములకు తగ్గిస్తే రుచి బాగుంది కానీ గట్టిగా అయిపోతోంది.

రెండవ జవాబు ఇచ్చినవారు

ఆ పొడి మంచి మార్గమే, దొరికినప్పుడు నేను కూడా అదే ఎంచుకుంటాను. తీపికి మాత్రం నా దగ్గర పూర్తి పరిష్కారం లేదు. ఐస్‌క్రీమ్ మెత్తగా ఉండటానికి కారణం ఆ చక్కెరే కావడంతో ఒకటి తగ్గిస్తే రెండవది పోతుంది. చిటికెడు ఉప్పు, పుల్లని పండు, చేదు కోకో వంటివి తీపిని కొంత కప్పుతాయి. తగ్గించి చేసుకుంటే వడ్డించే ముందు పదిహేను నిమిషాలు ఫ్రిజ్‌లోకి మార్చి ఉంచండి.

ప్రశ్న అడిగినవారు

నిన్న చెప్పినట్లే చేశాను. గుజ్జు 140 గ్రాముల దగ్గర దించాను. మంచు పలుకులు లేవు, చెంచా సాఫీగా దిగింది. నాల్గవ జవాబులో చెప్పినట్లు కొంచెం జామ్ వాసన ఉన్నమాట నిజం. అందుకని ఈసారి సగం పండ్లను మరిగించి, ఆ గుజ్జుతో పాటు పొడి 10 గ్రాములు కలిపి చూడాలనుకుంటున్నాను. అలా ఎవరైనా చేసి ఉంటే రంగు ఎలా వచ్చిందో చెప్పండి.